7బి చరణ్‌ని స్కూల్లో, బస్సులో పదేపదే వేధిస్తున్న విషయం

ప్రిన్సిపాల్ మేడమ్ గారికి నమస్కారం,

నేను 7బి చరణ్ వాళ్ళ అమ్మని. కాశీనగర్ నుంచి పర్లాకిమిడి వచ్చే మీ స్కూల్ బస్సులోనే బాబు వస్తాడు. మీకూ తెలుగు బాగా వచ్చు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను, ఇంగ్లీషులో అయితే సగం నాలోనే ఉండిపోతుంది.

రథయాత్ర సెలవుల తర్వాత నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు ముగ్గురు వాడి వెంట పడుతున్నారు. జులై 8న వాడి టిఫిన్ డబ్బా లాక్కుని బస్సు వెనక సీట్ల కింద పడేశారు. 17న లంచ్ టైములో ఒడియా నోట్సు తీసుకుని పేజీలు చించారు, మర్నాడు హోంవర్క్ లేదని మాట పడింది మాత్రం వీడే. 24న బస్సు దిగుతుంటే వెనక నుంచి తోశారు, మోకాలు చెక్కుకుపోయింది. ఆ సాయంత్రమే తీసిన ఫోటో, చిరిగిన పేజీల ఫోటోలు దీనికి జత చేశాను. వాడి ఒడియాలో తెలుగు యాస వస్తుందని రోజూ వెక్కిరిస్తారు, కానీ దీన్ని భాషల గొడవగా చూడొద్దు, ఆ ముగ్గురిలో ఒకబ్బాయి ఇంట్లో మాట్లాడేదీ తెలుగే.

18న క్లాస్ టీచర్‌కి చెప్పాను. ఆవిడ వెంటనే నలుగురినీ పిలిచి సారీ చెప్పించి చేతులు కలిపించారు. మంచి మనసుతోనే చేశారు, కానీ "టీచర్‌కి చెప్తావా" అంటూ బస్సులో ఇంకా ఎక్కువైంది. అందుకే మళ్ళీ వాళ్ళందరినీ ఎదురెదురుగా నిలబెట్టొద్దని అడుగుతున్నాను, ముందు ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడండి. పిల్లల పేర్లు మెయిల్‌లో రాయను, ఇది ఎవరెవరి ఫోన్లకో వెళ్తుంది, మీ ముందు కూర్చుని చెప్తాను.

ముందుగా కావాల్సింది బస్సులో భద్రత. సోమవారం నుంచి వాడిని ముందు సీట్లో, అటెండర్ పక్కన కూర్చోబెట్టించండి, ఆ ముగ్గురిని వేరే వరుసలకి మార్చండి. లంచ్ టైములో 7వ తరగతి వరండాలో ఒక టీచర్ ఉంటే చాలు. మన స్కూలు సీబీఎస్‌ఈ కదా, ఇలాంటివి చూడటానికి ప్రతి స్కూల్లో ఒక కమిటీ ఉండాలని బోర్డు 2015లోనే చెప్పింది. అందులో ఎవరున్నారో తెలిస్తే వాళ్ళకీ చెప్తాను.

ఆ పిల్లల్ని స్కూల్ నుంచి పంపేయమని నేను అడగట్లేదు. వాళ్ళ అమ్మానాన్నలకి తెలియాలి, ఏం చర్య తీసుకున్నారో నాకు రాతపూర్వకంగా తెలియాలి, అంతే. పొద్దున లేస్తే కడుపునొప్పి అంటున్నాడు, ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు, డాక్టర్‌కి చూపిస్తే టెన్షన్ వల్లే అన్నారు.

ఈ శనివారం పదిన్నరకి నేనూ, మావారూ వస్తాం. ఆ టైము కుదరకపోతే ఆఫీసులో ఉన్న నా నంబరుకి ఫోన్ చేయించండి. 24 నాటి బస్సు సీసీటీవీ రికార్డింగు ఉంటే అది చెరిగిపోకుండా ఈరోజే తీసి పెట్టించండి మేడమ్.

ఇట్లు,
చరణ్ అమ్మ
7బి, రోల్ నంబరు 23