సుజీ, ఇది ఇంటికొచ్చాక తీరిగ్గా చదువు

సుజీ, ఎదురుగా కూర్చుంటే నాకు ఏడుపొచ్చి చెప్పాల్సింది చెప్పలేను, అందుకే వాట్సాప్‌లో పెడుతున్నా.

నిన్న రాత్రి రెండున్నరకు నీళ్లకని లేస్తే వంటింట్లో చీకట్లో కూర్చుని ఉన్నావు. "నిద్ర పట్టలేదులే, నువ్వు పడుకో" అన్నావు. పడుకున్నానే గానీ, నువ్వు ఆ స్టీలు గ్లాసు గట్టు మీద పెట్టిన చప్పుడు వినబడేదాకా కన్ను మూయలేదు. పొద్దున చీరకు పిన్ను పెట్టుకోబోతే నీ చెయ్యి వణికి రెండుసార్లు కింద పడింది, మూడోసారి నేనే పెట్టాను. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆ చేత్తోనే స్కూటీ తోలుకుంటూ రాజ్‌విహార్ సెంటర్ ట్రాఫిక్‌లో పోయావే అని, నువ్వు ఆఫీసు చేరినట్టు మెసేజ్ పెట్టేదాకా నాకు ఒకటే టెన్షన్.

నిన్ను తప్పు పట్టాలని ఇది రాయడంలేదమ్మీ. మీ నాన్న పోయినప్పటినుంచి ఇంటికి డబ్బు పంపుతూ, తమ్ముడి ఫీజు కడుతూ, ఎవరి దగ్గరా నోరు విప్పకుండా అంతా నెత్తిన వేసుకున్నావు. నిద్ర కోసమే తాగడం మొదలుపెట్టానన్నావు, నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. కానీ మందు తొందరగా నిద్రపుచ్చినట్టే ఉంటుంది, అర్ధరాత్రి దాటాక అదే లేపి కూర్చోబెడుతుంది. మొదట్లో వారానికోసారి ఉండేది, ఈ రెండు నెలల్లో ఒక్క రాత్రి కూడా తప్పలేదు. సాయంత్రాలు తుంగభద్ర ఒడ్డుకు నడిచిపోయి మొక్కజొన్న కంకులు తింటూ కూర్చునేవాళ్లం కదా, నాకు ఆ సుజీ గుర్తొస్తోంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. ఇది చదివి, రేపటినుంచి ముట్టనని ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా ఆపేయొద్దు. రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే వణుకు ఎక్కువై ఫిట్స్ కూడా రావచ్చు, డాక్టర్ని అడిగి మందుల సాయంతో మానాలి. పొద్దున ఆ వణుకు చూసినందుకే నాకింత భయం. తలనొప్పికి పారాసిటమాల్ మాత్రలు కూడా నీ అంతట నువ్వే వేసుకుంటూ పోవద్దు, రెండూ కలిస్తే లివర్‌కు దెబ్బ.

శనివారం నాకు సెలవు. మన కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంది, ఇద్దరం పోదాం, చీటీ రాయించడానికి క్యూలో నేను నిలబడతా. ముందు ఫోన్‌లో మాట్లాడదామనుకుంటే 14416 టెలి మానస్ హెల్ప్‌లైన్ ఉంది, డబ్బులేమీ పడవు, తెలుగులోనే మాట్లాడతారు. నీకు ఏది తేలికనిపిస్తే అది. మీ అమ్మకు నేను ఏమీ చెప్పలేదు, నిన్ను అడక్కుండా చెప్పను. ఓనర్ ఆంటీకీ అంతే.

జవాబు ఇప్పుడే ఇవ్వక్కర్లేదు. ఉగ్గాని చేసి మూతపెట్టాను, వచ్చాక తిను, ఖాళీ కడుపుతో ఉండొద్దు. రాత్రికి గ్లాసు తీసినా సరే, ఆ చీకట్లో ఒక్కదానివే కూర్చోకుండా నన్ను లేపు.