ఆహార నిర్వహణ నమోదు: ఫినైల్‌కీటోన్యూరియా, 8 ఏళ్ల బాలిక, విశాఖపట్నం

గాజువాక నుంచి వచ్చే ఈ బాలిక (బరువు 24 కిలోలు) రక్తంలో ఫినైల్‌అలనైన్ గత నెలలో లీటరుకు 310 మైక్రోమోల్స్ ఉండగా, ఈ ఉదయం పరగడుపున తీసిన నమూనాలో 540కి చేరింది. ఉండవలసిన పరిధి 120 నుంచి 360. మొన్నటి వరకు జ్వరంతో తిండి, ఫార్ములా రెండూ సగమే తీసుకుందని తల్లి చెప్పారు. శరీరంలోని ప్రోటీన్ కరగడమే ఈ పెరుగుదలకు కారణమై ఉండవచ్చు గనుక, రోజుకు 6 గ్రాముల సహజ ప్రోటీన్ కోటాను, అంటే సుమారు 300 మిల్లీగ్రాముల ఫినైల్‌అలనైన్‌ను, ఇప్పుడే తగ్గించడం లేదు. రోజుకు మొత్తం 40 గ్రాముల ప్రోటీన్‌కు సమానమైన ఫార్ములాను మూడు పూటలకు పంచి తాగించాలి. మధ్యాహ్నపు వంతును బడిలో టీచరు ఎదుటే తాగాలి. స్నేహితుల డబ్బాల్లోని ఇడ్లీ, పప్పన్నం తినకూడదు. సగ్గుబియ్యం ఉప్మా ఆమెకు ఇష్టమే. వారంలో రక్తపు చుక్కల కార్డు మళ్లీ పంపాలి.