చవితి చందా విషయం, 304 నుంచి

కోశాధికారి అన్నకు నమస్కారం.

నిన్న సాయంత్రం పిల్లోళ్లు చందా పుస్తకం తీసుకుని మా ఇంటికి వచ్చినారు. అప్పటికి నేను డ్యూటీ నుంచి రాలేదు. మీ మరదలు ‘ఆయన వచ్చినాక చెప్తాం’ అనింది. ఎట్లా ఇచ్చేవాళ్లే కదా అని వాళ్లు 2,500 రాసిన రశీదు, నంబర్ 17, చించి ఆమె చేతిలో పెట్టి పోయినారు. ఆ రశీదును ఈ కాగితంతోనే పంపిస్తున్నా. ఈ ఏడు మేము చందా ఇచ్చుకోలేము అన్నా.

పాపకు కాలేజీ ఫీజు పోయిన నెలే కట్టినాము. చీటీ వాయిదాలు ఇంకా నాలుగు ఉన్నాయి. అంతకు మించి చెప్పుకునేది ఏమీ లేదు. ‘రేపు రాండి, జీతం పడినాక చూస్తాం’ అని తిప్పుకోవచ్చు. కానీ మీరు 60,000కు లెక్క వేసుకుని పందిరికి, విగ్రహానికి బయానా ఇచ్చినాక మేము లేదంటే అది మీ నెత్తిన పడుతుంది. అందుకే ముందుగానే చెప్తున్నా. సగమైనా ఇవ్వమని అడగొద్దు, బాకీ అని కూడా రాసుకోవద్దు.

రశీదు 17ను పారేయొద్దు. అడ్డంగా గీత కొట్టి ‘రద్దు’ అని రాసి, పుస్తకంలో మిగిలిన సగానికి పిన్ను కొట్టేయండి. పుస్తకంలో 2,500 అట్లే ఉండిపోతే నిమజ్జనం అయినాక లెక్క చూసే రోజు అంత డబ్బు తక్కువ వస్తుంది. అప్పుడు పిల్లోళ్లను అడుగుతారు. పాపం, వాళ్ల తప్పేమీ లేదు. ఈ నెల మెయింటెనెన్స్ 1,800 మూడో తారీఖునే కట్టేసినాను. అది నీళ్లకు, లిఫ్టుకు, వాచ్‌మన్‌కు ఇచ్చింది కాబట్టి చందాలో కలపకుండా చూడండి.

ఇంకొక్క మాట. లిఫ్టు పక్కన చందాల పట్టీ అంటిస్తారు కదా, ఇళ్ల వరసలో కాకుండా ఇచ్చినోళ్ల పేర్లు మాత్రమే వేయండి. 304 ఎదురుగా గీత కనపడితే పిల్లలు దాన్నే చూస్తారు. గ్రూపులో కూడా మా సంగతి పెట్టొద్దు. అడిగినోళ్లకు ‘వాళ్లు పనిలో ఉన్నారు’ అంటే సరిపోతుంది. అది నిజం కూడా.

పని అంటే, పత్రి మొత్తం నాకు వదిలేయండి. బజారులో కట్టలు కట్టి అమ్మేదాంట్లో 21 రకాలు ఉండేది అరుదు, గడ్డీ గాదం కలిపి కట్టేస్తారు. గరిక, ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త మన వెనక ఖాళీ సైటులోనే ఉన్నాయి. మామిడి, మారేడు, రేగు చంద్రగిరిలో మా అత్తగారింటి దగ్గర దొరుకుతాయి. గరిక పోచలు రెండేసి కలిపి 21 జతలు కట్టి, కొన్ని ఎక్కువే పెడతాను. కోసినాక ప్లాస్టిక్ కవర్లో మూట కడితే తెల్లారేసరికి చెమట పట్టి నల్లబడుతుంది. తడిపి పిండిన పాత పంచెలో చుట్టి నీడన పెడితే పూజ దాకా వాడదు. ఉమ్మెత్త, గన్నేరు విషం, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఆ మూడింటినీ వేరే తట్టలో పెట్టి నేనే అందిస్తాను. పిల్లలు ముట్టుకోకుండా, ప్రసాదం గిన్నెల పక్కకు రాకుండా చూసుకుంటా.

పందిరి దగ్గర రెండు రాత్రులు 10 నుంచి 2 దాకా కాపలా నాది. పడుకునే ముందు సీరియల్ బల్బులు మెయిన్ దగ్గరే ఆపేస్తా. దీపాన్ని ఇసుక పోసిన పళ్లెంలో, వెనక కట్టిన తెరకు దూరంగా పెట్టాల. గాలికి ఆ గుడ్డ ఊగి దీపం మీద పడితే చాలు, పందిరంతా అంటుకుంటుంది. మూడో రోజు వినాయకసాగర్‌కు ట్రాక్టరులో విగ్రహం పట్టుకుని కూర్చునేదానికి కూడా వస్తాను.

మీ మరదలు పులిహోరకు చింతపండు పులుసు కాచి, పోపు పెట్టి ఇస్తానంటోంది. సామాను మీరు తెప్పించేదే, పని ఆమెది. మూడు కిలోల బియ్యం వండితే 60 దొప్పలు వస్తాయి. అన్నం ఆరబెట్టకుండా కలిపితే ముద్దవుతుంది కాబట్టి పొద్దున 6కే వండించమని వదినకు చెప్పండి.

హారతి పళ్లెంలో మా చేతనైంది వేస్తాం, దాన్ని చందా కింద రాయొద్దు. లడ్డు వేలంలో మాత్రం నన్ను ఎవరూ రెచ్చగొట్టకుండా మీరే చూడాల. పోయినసారి తమాషాకు నోరు జారి 1,100 దాకా పోయినా!

గన్నేరు మీ మిద్దె మీద కుండీలో ఉంది కదా. ఆదివారం సాయంత్రం వదినను అడిగి నాలుగు ఆకులు కోసుకుంటా.

ఇట్లు,
304 ఇంటి తమ్ముడు