పేరోల్ మార్పిడి ప్రాజెక్ట్: వారపు స్టేటస్ రిపోర్ట్, అక్టోబర్ 3

స్టీరింగ్ కమిటీ సభ్యులకు

మొత్తం స్టేటస్: అంబర్ (పోయిన వారం గ్రీన్)

అక్టోబర్ జీతాలకు ఏ ఇబ్బందీ లేదు. అవి పాత సిస్టమ్ నుంచే, మామూలు తేదీకే పడతాయి. అనుమానమంతా నవంబర్ జీతాలను కొత్త సిస్టమ్ నుంచి వేయగలమా అన్నదాని గురించే.

బ్యాంక్ ఫైల్: రెడ్ (పోయిన వారం అంబర్)

మనం పంపిన జీతాల ఫైల్‌ను బ్యాంక్ టెస్ట్ సర్వర్ రెండుసార్లు తిప్పి పంపింది. మొదటిసారి ఖాతా నంబర్ల ముందున్న సున్నాలు ఎగిరిపోయాయి, అది సరిచేశాం. రెండోసారి వచ్చిన ఎర్రర్‌ ఏమిటో బ్యాంక్ వాళ్లే చెప్పాలి. ఆరు పనిదినాలుగా జవాబు లేదు. మా స్థాయిలో అడగాల్సిన వాళ్లందరినీ అడిగాం, ఇక మీ సాయం లేకుండా కదలదు కాబట్టే రెడ్.

కావాల్సింది ఒక్కటే: ఫైనాన్స్ హెడ్ గారు సోమవారం లోపు బ్యాంక్ రిలేషన్‌షిప్ మేనేజర్‌తో మాట్లాడాలి.

అక్టోబర్ 17 లోపు బ్యాంక్ ఓకే అంటే నవంబర్ ప్లాన్ అలాగే ఉంటుంది. అనకపోతే డిసెంబర్‌కి మార్చమని మేమే అడుగుతాం. అప్పుడు కూడా జీతాలు ఆగవు, పాత సిస్టమ్ లైసెన్స్‌కు ఇంకో నెల డబ్బు కట్టాలి, అంతే. ఆ పొడిగింపు అడగడానికి అక్టోబర్ 24 వరకు గడువుంది. ఇలా వెనక్కి తగ్గే దారి ఉంది కాబట్టే మొత్తం స్టేటస్‌ను రెడ్ చేయలేదు.

పారలల్ రన్: అంబర్ (మార్పు లేదు)

సెప్టెంబర్ జీతాలను రెండు సిస్టమ్‌లలోనూ లెక్కించి పోల్చాం. 2,400 పే స్లిప్పుల్లో 61 కలవలేదు. 48 నెల మధ్యలో చేరినవాళ్లవి: పాత సిస్టమ్ ప్రతి నెలనూ 30 రోజులుగా లెక్కేస్తుంది, కొత్తది క్యాలెండర్ రోజులతో. సెప్టెంబర్‌కి 30 రోజులే కాబట్టి మామూలుగా తేడా రాకూడదు. కానీ ఆగస్టులో చేరి, బకాయి సెప్టెంబర్‌లో అందుకున్నవాళ్లు వీళ్లు. ఏ పద్ధతి ఉంచాలో హెచ్‌ఆర్ బుధవారం తేలుస్తుంది. మరో 9 ఓవర్‌టైమ్ రేటు తప్పుగా ఎక్కినవి, సరిచేశాం. మిగతా 4 ఎందుకు కలవలేదో ఇంకా తెలియలేదు. మొత్తం పెద్దది కాకపోయినా, కారణం దొరికేదాకా దీన్ని గ్రీన్ చేయం.

డేటా తరలింపు: గ్రీన్. పూర్తయింది.

ట్రైనింగ్: గ్రీన్. ఇద్దరు సెలవులో ఉన్నారు, వచ్చాక వాళ్లకి విడిగా చెబుతాం.

తర్వాతి రిపోర్ట్ అక్టోబర్ 10న. అప్పటికీ బ్యాంక్ నుంచి జవాబు రాకపోతే మొత్తం స్టేటస్ రెడ్ అవుతుంది, లైసెన్స్ పొడిగింపు అంచనా కూడా అందులోనే పెడతాం.

ప్రాజెక్ట్ మేనేజర్