నాలుగో పాఠం: చేతిరాతల మీదుగా మన దాకా వచ్చిన బైబిలు

పోయిన ఆదివారం మన నల్లగొండ క్లాసులో అయిదుగురికి మత్తయి 5వ అధ్యాయంలోని ధన్యతలు ఇచ్చి, చూసి రాసుకురమ్మన్నాను. ఒకరు సాత్వికుల వచనం మొత్తం వదిలేశారు. ప్రతి వచనంలో 'ధన్యులు' ఉంటుంది కదా, తలెత్తి దించేలోపు కన్ను కింది 'ధన్యులు' మీదికి జారింది. ఆ అక్క చాలా బాధపడింది. బాధపడాల్సిన పని లేదు. పాతకాలంలో అనుభవం ఉన్న లేఖకులకూ ఇదే జరిగేది. ఇవే ధన్యతల్లో దుఃఖపడువారి మాట, సాత్వికుల మాట కొన్ని పాత ప్రతుల్లో ముందువెనకలుగా ఉన్నాయి.

మరి ఆ తప్పు మనకెలా దొరికింది? మిగతా నలుగురి కాగితాలు పక్కన పెట్టి చూస్తే దొరికింది. పహాణీ నకలు ఒక్కటే ఉంటే అందులో పడిన తప్పు అట్లాగే నిలిచిపోతుంది. వేర్వేరు చేతులు రాసిన నకళ్లు నాలుగుంటే పట్టుకోవచ్చు. ప్రతుల మధ్య తేడాలున్నాయంటే చాలామందికి టెన్షన్. నాకైతే ఆ తేడాలే ధైర్యం. ఎవరో ఒకరు అన్నిటినీ ఒక్కతీరుగా దిద్ది ఉంటే మనకు పోల్చి చూసే దారే ఉండేది కాదు.

1947లో మృత సముద్రం దగ్గరి గుహలో యెషయా గ్రంథపు చుట్ట దొరికింది. అప్పటిదాకా చేతిలో ఉన్న హీబ్రూ ప్రతులకన్నా అది సుమారు వెయ్యేళ్లు పాతది. పక్కపక్కన పెట్టి చదివితే అక్షరాల్లో, మాటల్లో తేడాలు చాలానే కనిపించాయి, కానీ గ్రంథం అదే గ్రంథం.

ఇక పుస్తకాలు ఒక్కచోట చేరడం. పౌలు ఉత్తరాలు ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి నకళ్లుగా వెళ్లాయి. ఏవి చదవాలి, ఏవి వద్దు అన్న చర్చ తరాల తరబడి నడిచింది. ఇప్పుడు మన కొత్త నిబంధనలో ఉన్న 27 పుస్తకాలే, ఎక్కువా తక్కువా లేకుండా ఉన్న జాబితా మొదట కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ రాసిన ఉత్తరంలో.

అనువాదం కొత్త సంగతి కాదు. క్రీస్తుకు ముందే అలెగ్జాండ్రియా యూదులు హీబ్రూ లేఖనాలను గ్రీకులోకి తెచ్చుకున్నారు. మన తెలుగు విషయానికొస్తే, 1805లో జార్జ్ క్రాన్, డీగ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు విశాఖపట్నం వచ్చి బైబిలును తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన పండితుడు వాళ్లకు తోడయ్యాడు. ఆయన లేకుండా ఆ పని సాగేదని నేననుకోను. 1812లో మూడు సువార్తలు సెరంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికి ఆ ఇద్దరు దొరలూ చనిపోయారు, అచ్చయిన పుస్తకాన్ని చూడలేదు.

వచ్చే ఆదివారం మీ ఇంట్లో ఉన్న పాత బైబిలు తీసుకురండి, అమ్మమ్మదైనా, తాతదైనా సరే. మార్కు 16వ అధ్యాయం 8వ వచనం దగ్గర చీటీ పెట్టుకోండి. చాలా పాత రెండు గ్రీకు ప్రతుల్లో ఆ సువార్త అక్కడే ఆగిపోతుంది. ఎందుకో అక్కడి నుంచే మొదలుపెడదాం.