అప్పీలు తేలే వరకు పన్ను బకాయి వసూలు నిలుపుదల కోరుతూ అసెస్సింగ్ అధికారికి లేఖ

గుంటూరు,
తేది: 10-04-2024

ఆదాయపు పన్ను అధికారి గారికి,
వార్డు-1, గుంటూరు.

అయ్యా,

విషయం: అసెస్‌మెంట్ సంవత్సరం 2022-23 – సెక్షన్ 143(3) కింద 12-03-2024న వెలువడిన ఉత్తర్వు – రూ.17,79,650 డిమాండు – సెక్షన్ 220(6) కింద వసూలు నిలిపివేయాలని వినతి.

నేను ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. ఆ సంవత్సరానికి రూ.71,20,000 అమ్మకాలు చూపి, సెక్షన్ 44ఏడీ ప్రకారం రూ.5,69,600 ఆదాయంతో గడువులోగా రిటర్ను దాఖలు చేశాను. బ్యాంకులో జమ చేసిన రూ.18,40,000 నగదుకు మూలం చూపలేదంటూ, ఆ మొత్తాన్ని సెక్షన్ 69ఏ కింద ఆదాయంలో కలిపి, సెక్షన్ 115బీబీఈ రేటున పన్ను విధించారు. దీనిపై 05-04-2024న ఫారం 35లో అప్పీలు దాఖలు చేశాను. అది విచారణకు రావలసి ఉంది.

ఆ నగదు దుకాణం అమ్మకాల సొమ్మే తప్ప వేరు కాదు. ఖరీఫ్ అదునులో రైతులు రొక్కం ఇచ్చి సరుకు తీసుకువెళ్లడం, ఆ సొమ్ము బ్యాంకులో వేసి వెంటనే డీలరుకు పంపడం ఈ వ్యాపారంలో మామూలే. ఉదాహరణకు 04-08-2021న జమ చేసిన రూ.2,10,000లో రూ.2,05,000 మరునాడే ఆర్టీజీఎస్ ద్వారా సరఫరాదారుకు వెళ్లింది. జీఎస్టీ రిటర్నుల్లోనూ రూ.71,20,000 అమ్మకాలే ఉన్నాయి. ఆ అమ్మకాలను ఒప్పుకుని, వాటి ద్వారా వచ్చిన రొక్కాన్ని మళ్లీ విడిగా ఆదాయమనడం ఒకే సొమ్ముపై రెండుసార్లు పన్ను వేయడమే అవుతుందన్నది నా అప్పీలులోని ప్రధానాంశం.

వివాదంలో ఉన్న డిమాండులో 20 శాతం కట్టించుకుని మిగతాది నిలిపివేయవచ్చని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 29-02-2016 నాటి మెమోరాండాన్ని సవరించిన 31-07-2017 నాటి మెమోరాండం చెబుతోంది. అయితే కేసు పరిస్థితులను బట్టి అంతకంటే తక్కువ మొత్తంపైనా స్టే ఇవ్వవచ్చని ఎల్జీ ఎలక్ట్రానిక్స్ ఇండియా కేసులో 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నా విషయంలో 20 శాతమంటే రూ.3,55,930. రాబోయే ఖరీఫ్‌కు సరుకు తెప్పించవలసిన ఈ సమయంలో అంత మొత్తం ఒకేసారి తీస్తే దుకాణంలో నిల్వకు డబ్బుండదు. నా చిత్తశుద్ధికి నిదర్శనంగా 08-04-2024న రూ.1,00,000 చెల్లించాను, చలానా జతపరిచాను.

కావున అప్పీలు తేలే వరకు మిగిలిన రూ.16,79,650కు నన్ను ఎగవేతదారుగా పరిగణించవద్దని, సెక్షన్ 226(3) కింద నా బ్యాంకు ఖాతాను జప్తు చేయవద్దని ప్రార్థిస్తున్నాను. సరుకు చెల్లింపులన్నీ ఆ ఒక్క ఖాతా నుంచే జరుగుతాయి. ఇంకొంత చెల్లించాలని తాము భావిస్తే, పంట డబ్బు చేతికొచ్చే నవంబరు నుంచి నెలవారీ వాయిదాలుగా కట్టే అవకాశం ఇవ్వండి. ఒకవేళ ఈ వినతిని తిరస్కరించదలిస్తే, ముందుగా నా వాదన విని, కారణాలతో కూడిన ఉత్తర్వు ఇచ్చి, ప్రిన్సిపల్ కమిషనర్ గారిని ఆశ్రయించేందుకు వీలుగా ఆ ఉత్తర్వు అందిన నాటి నుంచి 15 రోజుల పాటు వసూలు చర్యలు చేపట్టవద్దని కోరుతున్నాను.

జతపరిచినవి: అసెస్‌మెంట్ ఉత్తర్వు, డిమాండు నోటీసు, అప్పీలు రసీదు, చలానా, బ్యాంకు స్టేట్‌మెంటు, జీఎస్టీ రిటర్నుల ప్రతులు.

ఇట్లు,
తమ విధేయుడు,
కె. సుబ్బారావు