క్లెయిమ్ తిరస్కరణపై పునఃపరిశీలన కోరుతూ

మర్రిపాలెం, విశాఖపట్నం
11 డిసెంబరు 2025

క్లెయిమ్స్ విభాగం మేనేజర్ గారికి,
ద్వారకానగర్ శాఖ, విశాఖపట్నం.

విషయం: క్లెయిమ్ నంబరు 2025/4417, డెంగీ చికిత్స ఖర్చు రూ. 86,450. మీ 2 డిసెంబరు నాటి తిరస్కరణ ఉత్తరానికి జవాబు.

అయ్యా,

మా వారి ఆసుపత్రి ఖర్చుల క్లెయిమ్‌ను తిరస్కరిస్తూ మీరు రాసిన ఉత్తరం మాకు ఇంకా పోస్టులో అందలేదు. మా ఏజెంటు గారు దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. కాగితం కింది భాగం మడతపడి ఉండడంతో క్లాజు నంబరు, సంతకం కనపడడం లేదు. చదవగలిగినంతలో మీరు చెప్పిన కారణాలు మూడు. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యాలను తెలుగులో రాసి జవాబు ఇస్తున్నాను. ఫొటో ప్రింటు జతచేశాను.

మొదటిది: "రోగికి పదేళ్లుగా అధిక రక్తపోటు ఉంది. పాలసీ తీసుకునేటప్పుడు ఈ విషయం తెలియజేయలేదు."

ఈ పదేళ్ల లెక్క కేస్ షీటులోది. సెప్టెంబరు 14 రాత్రి చేర్చుకునేటప్పుడు డ్యూటీ డాక్టరు అలా రాసుకున్నారు. అప్పుడు మా వారు వివరంగా మాట్లాడే స్థితిలో లేరు, అడిగినవాటికి బదులిచ్చింది మా మరిది. నిజానికి ఆయనకు బీపీ ఉన్నట్టు తెలిసింది 2023 మార్చిలో, ఆఫీసువాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో. మందులు మొదలైందీ అప్పుడే. అంతకుముందు 2021, 2022లో చేయించిన చెకప్ రిపోర్టుల్లో బీపీ మామూలుగానే ఉంది. మేము పాలసీ తీసుకున్నది 2019 ఆగస్టులో. అప్పటికి లేని జబ్బును ప్రపోజల్ ఫారంలో ఎలా రాస్తాం? పై రిపోర్టులన్నీ, 2023 నాటి మొదటి ప్రిస్క్రిప్షన్, కేస్ షీటులోని పొరపాటును సరిచేస్తూ చికిత్స చేసిన డాక్టరు గారు సంతకం, సీలు వేసి ఇచ్చిన సర్టిఫికెట్ జతచేశాను. దయచేసి ముందు ఆ సర్టిఫికెట్ చూడండి.

ఒకవేళ మీరు దీన్నీ ఒప్పుకోకపోయినా ఇంకో మాట ఉంది. ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఇచ్చిన ఆరోగ్య బీమా మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, పాలసీ 60 నెలలు ఆగకుండా నడిచాక వివరాలు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కాదనడానికి లేదు, మోసం రుజువైతే తప్ప. మా పాలసీకి 2024 ఆగస్టుకే ఆ గడువు పూర్తయింది. ఒక్క ప్రీమియమూ ఆలస్యం కాలేదు. బీమా మొత్తం మొదటినుంచీ అయిదు లక్షలే, మధ్యలో పెంచుకోలేదు. రసీదులన్నీ పెట్టాను. పైగా మేము అడుగుతున్నది డెంగీ ఖర్చు. కుట్టే ముందు దోమ బీపీ చూడదు కదా!

రెండోది: "పరీక్షలు, పరిశీలన కోసమే చేర్చుకున్నారు. ఔట్ పేషెంటుగా చికిత్స సరిపోయేది."

ఎన్ఎస్1 పరీక్ష పాజిటివ్. ప్లేట్‌లెట్లు చేరిన రోజు 61,000 ఉంటే, 16వ తేదీకి 28,000కు పడిపోయాయి. చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది, వాంతులతో నీళ్లు కూడా నిలవలేదు. 18న ఇంటికి పంపేవరకు సెలైన్ ఎక్కుతూనే ఉంది. రోజువారీ ల్యాబ్ రిపోర్టులు, నర్సుల చార్టు, మందుల బిల్లులు చూస్తే అది వట్టి పరిశీలనో, చికిత్సో మీ డాక్టరు గారికే తెలుస్తుంది. ఆ చార్టు ఆయన చూశారో లేదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

మూడోది: "డిశ్చార్జి తర్వాత 30 రోజుల్లో కాగితాలు అందలేదు."

నిజమే, నవంబరు 3న ఇచ్చాం. ఆసుపత్రివాళ్లు ఐటమ్ వారీ బిల్లు ఇచ్చిందే అక్టోబరు 27న. ఆ వెంటనే మొంథా తుపాను, ఆ రోజుల్లో ఊరి పరిస్థితి మీ శాఖవారికీ తెలిసిందే. బిల్లు తేదీని ధ్రువపరుస్తూ ఆసుపత్రి ఇచ్చిన ఉత్తరం జతచేశాను. తప్పనిసరి పరిస్థితుల్లో జరిగిన ఆలస్యాన్ని పట్టుకుని న్యాయమైన క్లెయిమ్‌ను తోసిపుచ్చొద్దని ఐఆర్‌డీఏఐ 2011 సెప్టెంబరులోనే బీమా సంస్థలకు సర్క్యులర్ ఇచ్చింది.

కాబట్టి ఈ క్లెయిమ్‌ను మళ్లీ పరిశీలించి, రూ. 86,450 పాలసీలో నమోదైన బ్యాంకు ఖాతాకు చెల్లించాలని కోరుతున్నాను. కుదరదంటే, పాలసీలోని ఏ షరతు ప్రకారం కుదరదో, దీనికి మీ క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం ఉందో లేదో రాతపూర్వకంగా తెలపండి. అసలు ఉత్తరం ప్రతి కూడా పంపండి. ఫొటో మీద ఆధారపడి వాదించుకోవడం ఇద్దరికీ ఇబ్బందే.

దీని నకలు మీ గ్రీవెన్స్ అధికారికి ఈమెయిల్ చేస్తున్నాను. నెలలోగా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగ్గా లేకపోతే, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తాను. అక్కడిదాకా వెళ్లే అవసరం రాదనే అనుకుంటున్నాను. ఇంకా ఏ కాగితమైనా కావాలంటే పాలసీలో ఉన్న నంబరుకు ఫోన్ చేయండి, ఒరిజినల్స్ తీసుకుని నేనే వస్తాను. ఈ ఉత్తరం నకలుపై అందినట్టు తేదీ వేసి, స్టాంపు కొట్టి ఇవ్వగలరు.

ఇట్లు,
కె. సత్యవతి
(పాలసీదారు)